మెట్లు వెడల్పుగా ఉన్నా ప్రాణాలు ఎందుకు పోతాయి?

2025 మే 18, ఆదివారం పొద్దున్నే చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో మంటలు రేగి 17 మంది చనిపోయారు. వారిలో చిన్న పిల్లలూ ఉన్నారు. కింద నగల దుకాణాలు, పైన కుటుంబం ఉండే ఇల్లు. లోపలికి సొరంగం లాంటి రెండు మీటర్ల దారి, పైకి మీటరు వెడల్పున్న ఒక్క మెట్ల దారి మాత్రమే ఉన్నాయని అగ్నిమాపక శాఖ తెలిపింది. మంట పుట్టింది కింది అంతస్తులోనే.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. జాతీయ భవన నియమావళి ప్రకారం మామూలు ఇళ్లలో మెట్లకు మనిషికి 10 మిల్లీమీటర్ల వెడల్పు లెక్కేస్తారు. అంటే మీటరు మెట్లు 100 మందికి సరిపోవాలి! లెక్క తప్పేం కాదు. కానీ ఆ మెట్లలోకి పొగ రాదు అనుకుంటేనే అది పనికొస్తుంది.

వెలిమెల, పటాన్‌చెరు వైపు కూడా కింద షాపో గోదామో, పైన అద్దె గదులో ఉన్న ఇల్లు ఒకటి ఊహించుకోండి. కింది అంతస్తు 120 గజాలు, అంటే సుమారు 100 చదరపు మీటర్లు. అందులో 3 టన్నుల కలప పెడితే చదరపు మీటరుకు 30 కిలోలు పడుతుంది. కిలో కలప కాలితే సుమారు 18 మెగాజౌళ్ల వేడి వస్తుంది కాబట్టి చదరపు మీటరుకు 540. దీన్నే ఫైర్ లోడ్ అంటారు. దాదాపు 1,150 వరకు తక్కువ కిందే లెక్క. అదే గోదాములో అంతే బరువు పాలిథిన్ సంచులు పెడితే 1,300 దాటుతుంది. గోడలు మారలేదు, కిరాయిదారు మారాడంతే. అయినా ప్లాను గీసిన రోజు వేసిన లెక్క చెల్లదు.

ఇప్పుడు దూరం. ఇళ్లలో ఏ మూల నుంచైనా సురక్షితమైన దారి చేరడానికి 30 మీటర్లు మించకూడదు. టేపు సూటిగా కాదు, మనిషి నడిచే దారి వెంట పట్టాలి. రెండో అంతస్తు వెనక గది నుంచి మెట్ల దాకా 12 మీటర్లే కదా అని ఇంటివాళ్లు ధీమాగా ఉంటారు. అయితే మెట్లకు చుట్టూ గోడ, మంటను ఆపే తలుపు లేకపోతే అవి సురక్షితమైన దారి కావు, నడక ఇంకా మిగిలే ఉన్నట్టు. రెండు అంతస్తులు దిగడానికి 16, షాపు పక్క సందులో 10 కలిపితే 38 మీటర్లు. పైగా చివరి పది మీటర్లు మంట పక్క నుంచే.

అందుకే డిజైనర్లు ముందు మెట్లను షాపు నుంచి విడదీస్తారు, వీలైతే వెనక వైపు రెండో మెట్లు పెడతారు. బయట ఇనుప మెట్లు వేసినా గోదాము కిటికీల ముందు నుంచి దిగకూడదు, ఆ కిటికీలోంచే మంట బయటికొస్తుంది.