కాగితం మాయం, సిరా పదిలం

పెళ్లి శుభలేఖ పసుపు రంగుది. దాని మీద పెట్టాల్సిన వినాయకుడి బొమ్మేమో తెల్లకాగితంపై నల్లసిరాతో గీసింది. స్కాన్ చేసి అలాగే అతికిస్తే స్వామివారు తెల్ల పలక మీద కూర్చున్నట్టుంటారు. డిజైనర్ చేయి అలవాటుగా మ్యాజిక్ వాండ్ మీదికి పోతుంది. కాగితం పోతుంది కానీ తొండం గీత చుట్టూ తెల్లటి అంచు మిగిలిపోతుంది. అదీ పోగొట్టాలని చూస్తే గీతను ఎలక కొరికినట్టవుతుంది.

తప్పు వాండ్‌ది కాదు. గీత అంచున ఉన్న చుక్కల్లో సిరా కొంత, కాగితం కొంత కలిసి ఉంటాయి. వాటిని ఉంచాలా, తీసెయ్యాలా అంటే రెండూ తప్పే. ల్యూమినాసిటీ మాస్క్ ఆ ప్రశ్నే వెయ్యదు. ఏ చుక్క ఎంత తెల్లగా ఉంటే దాన్ని అంత మేరకే చెరిపేస్తుంది: తెలుపు పూర్తిగా, నడిమి బూడిద సగం, నలుపు అసలే కాదు.

ఫోటోషాప్‌లో ముందు Background లేయర్ తాళం తీయాలి. తర్వాత Ctrl+Alt+2 నొక్కితే వెలుగును బట్టి సెలెక్షన్ వస్తుంది. కదిలే చీమల వరుస సగానికి మించి ఎంపికైన చోటునే చూపిస్తుంది కాబట్టి దాన్ని నమ్మి కంగారుపడకూడదు. ఇక Delete, ఒక్కసారే. రెండోసారి నొక్కితే సగం మిగిలిన చుక్క పావుకు దిగి, గీతలు బక్కచిక్కుతాయి.

అసలు చిక్కు కాగితంతోనే. ఫోన్‌తో తీసిన ఫొటోలో కంటికి తెలుపుగా కనిపించే కాగితం విలువ 255 కాకుండా 200 ఉండొచ్చు. అప్పుడు అందులో దాదాపు 22 శాతం చెరగకుండా పలచటి పొరలా ఉండిపోతుంది. అడుగున ముదురు ఎరుపు లేయర్ పెట్టి చూస్తే అది బయటపడుతుంది. మందు ముందే వెయ్యాలి: Levelsలో తెలుపు స్లైడర్‌ను కాగితం విలువ దాకా జరిపి, ఆ తర్వాతే సెలెక్షన్ తీసుకోవాలి.

ఇంకోటి చాలామంది గమనించరు. నడిమి బూడిద చుక్క సగం చెరిగినా మిగిలిన సగం బూడిదే కదా! దాన్ని తెలుపు మీద పెడితే 50 శాతం ఉండాల్సిన వెలుగు 75కి పోయి బొమ్మ వెలిసిపోతుంది. సెలెక్షన్ వదిలేసి (Ctrl+D), D నొక్కి నలుపు తెచ్చుకుని, Shift+Alt+Backspace కొడితే మిగిలినదంతా నల్లసిరాగా మారుతుంది, పారదర్శకత మాత్రం చెక్కుచెదరదు. ఇప్పుడు అదే చుక్క 50కి వస్తుంది. నలుపుకు బదులు కుంకుమ రంగు పోసినా గీత అంతే నునుపుగా ఉంటుంది.

రంగుల బొమ్మకు ఈ వైద్యం పనికిరాదు. పసుపు కూడా వెలుగే కాబట్టి వినాయకుడి పంచె కాగితంతోపాటే కొట్టుకుపోతుంది.

దీపావళి తారాజువ్వల ఫొటోలో చీకటి ఆకాశాన్ని తీసెయ్యాలంటే Delete ముందు Ctrl+Shift+I నొక్కి సెలెక్షన్‌ను తిరగేస్తే చాలు. నిప్పురవ్వలు మిగులుతాయి, వాటి చుట్టూ పొగ పలచబడుతూ చీకట్లో కలిసిపోయిన తీరుతో సహా.