శుభవార్త వినగానే మన మొదటి మాట

స్నేహితురాలు ఫోన్ చేసిందనుకుందాం. "ఒసేయ్, మెరిట్ లిస్టులో నా పేరుందే! ఎస్జీటీ వచ్చేసింది!" అంటోంది. ఏళ్ల తరబడి డీఎస్సీకి చదివిన మనిషి. ఆ మాటకు మనం ఇచ్చే జవాబు మామూలుగా నాలుగు రకాల్లో ఒకటిగా ఉంటుంది.

మొదటిది: "అవునా, కంగ్రాట్స్! మంచి మాట చెప్పావ్. సరే గానీ, ఆదివారం పెళ్లికి వస్తున్నావా?"

రెండోది: "పోస్టింగ్ ఎక్కడిస్తారో ఏమో! ఏజెన్సీలో పడేస్తే చంటిపిల్లతో ఎలా వెళ్లొస్తావే?"

మూడోది: "మా తమ్ముడికీ మొన్న బ్యాంకులో వచ్చింది, చెప్పానా? మొదటిసారి రాసి కొట్టేశాడు."

నాలుగోది: "నిజంగానా! ఎప్పుడు తెలిసింది? లిస్టు నువ్వే చూశావా? అమ్మకి చెప్పావా, ఏమంది?"

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త షెల్లీ గేబుల్, ఆమె సహచరులు 2004లో ప్రచురించిన పరిశోధనలో జవాబులను ఇలాగే నాలుగుగా విడదీశారు. ఉత్సాహంగా కలిసిరావడం, ముక్తసరిగా మెచ్చుకోవడం, లోపాలు వెతకడం, పట్టించుకోకుండా మాట మార్చడం. రెండోదీ మూడోదీ మనసు నొప్పిస్తాయని ఎవరైనా ఊహించగలరు. ఆశ్చర్యం మొదటిదాని గురించే. "కంగ్రాట్స్, మంచిది" అని ఊరుకునేవాళ్లు చెడ్డగా ఏమీ అనలేదు కదా! అయినా ఆ అధ్యయనంలో అనుబంధం బలంగా ఉండటానికీ ఉత్సాహంగా స్పందించడానికీ మాత్రమే పొత్తు కుదిరింది. ముక్తసరి మెప్పు కూడా మిగతా రెండింటి సరసనే చేరింది.

గేబుల్ బృందం 2006లో ప్రేమజంటలను ప్రయోగశాలకు పిలిచి, ఒకరి మంచి విషయాలూ కష్టాలూ మరొకరితో మాట్లాడించింది. అనుబంధం ఎంత బాగుందో, ముందుముందు నిలుస్తుందో లేదో చెప్పడంలో కష్టం విన్నప్పటి స్పందన కంటే సంతోషం విన్నప్పటి స్పందనే మెరుగైన ఆనవాలుగా తేలింది. కష్టానికి పరిగెత్తుకొచ్చేవాళ్లు మనకు కొరత కాదు. చావుకు ఊరంతా వస్తుంది. సంతోషానికి మనస్ఫూర్తిగా వచ్చేదెవరో మాత్రం చెప్పుకున్న మనిషికి ఇట్టే తెలిసిపోతుంది.

మాట ఎవరి చేతిలో ఉంది?

నాలుగో జవాబును మళ్లీ చూడండి. అందులో పొగడ్త ఒక్కటీ లేదు, అన్నీ ప్రశ్నలే. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పాలంటే ఆమె లిస్టు తెరిచిన క్షణానికి మళ్లీ వెళ్లాలి, చేతులు వణికిన సంగతి చెప్పాలి, వంటింట్లోంచి అమ్మ పరిగెత్తుకొచ్చిన తీరు చెప్పాలి. జరిగిన సంతోషాన్ని ఆమె ఇంకోసారి అనుభవిస్తుంది. ఆ తర్వాత ఇంకాస్త లోతైన ప్రశ్న వేయొచ్చు: "సైకాలజీ నా వల్ల కాదన్నావుగా, ఎలా గట్టెక్కావే?" ఈ ఒక్క మాటలో రెండు సంగతులున్నాయి. ఆమె పడ్డ కష్టం మనకు గుర్తుంది, గెలుపు ఆ కష్టానిదేనని మనం ఒప్పుకుంటున్నాం.

అదే "నువ్వు అదృష్టవంతురాలివే" అంటే చదివిన రాత్రులన్నీ లెక్కలోకి రావు. "నీకు వస్తుందని నాకు ముందే తెలుసు" అన్నది మెచ్చుకోలుగానే అంటాం. కానీ ఆమె పడ్డ భయాన్ని అది తేలిక చేసేస్తుంది. "పార్టీ ఎప్పుడు?" అన్నది మనకు అలవాటైన సరదా. చనువున్న చోట అది సంతోషమే. అయితే తొలిమాటగా అదే వస్తే ఆమె చెప్పాలనుకున్న కథ ఆగిపోయి, ఖర్చు లెక్క మొదలవుతుంది.

తమ్ముడి బ్యాంకు ఉద్యోగం లాంటి మాటలను అమెరికన్ సమాజశాస్త్రవేత్త చార్లెస్ డెర్బర్ 1979లో రాసిన పుస్తకంలో విడమరిచి చూపించాడు. ఎదుటివాళ్లు ఏదైనా చెప్పినప్పుడు మన జవాబు ఆ విషయాన్ని వాళ్లకే తిరిగి అప్పగించవచ్చు, లేదా మనవైపు లాక్కోవచ్చు. లాక్కోవడం చాలాసార్లు కావాలని చేసే పని కాదు. "నాకూ అలాగే అయింది" అంటే దగ్గరితనం చూపించామనే అనుకుంటాం. ఆ మాట తర్వాత ఎవరు ఎవరి గురించి మాట్లాడుతున్నారో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఆమె "అవునా, మీ తమ్ముడికి ఎక్కడేశారు?" అని అడుగుతోందంటే, ఆమె శుభవార్త అక్కడితో అయిపోయినట్టే. మన కథ చెప్పకూడదని కాదు, ఆమె కథ పూర్తయ్యాక చెప్పాలి.

అదే పరీక్ష మనమూ రాసి ఉంటే

అన్నిటికంటే కష్టమైన సందర్భం ఇది. ఇద్దరూ ఒకే కోచింగ్‌లో, ఒకే బెంచీలో చదివారు. ఆమెకు వచ్చింది, మనకు టెట్ వెయిటేజీ దగ్గర కాస్తలో పోయింది. ఇప్పుడు గుండెలో కలుక్కుమంటే అది మన దుర్మార్గం కాదు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త అబ్రహాం టెస్సర్ దీన్ని లోతుగా పరిశీలించాడు. అతనూ జొనాథన్ స్మిత్ కలిసి 1980లో ప్రచురించిన ప్రయోగంలో మాటలు కనిపెట్టే ఆట ఆడించారు. ఒకరు ఆధారాలిస్తే మరొకరు మాట కనిపెట్టాలి. ఇది ఉత్త ఆట అన్నప్పుడు జనం అపరిచితులకంటే స్నేహితులకే తేలికైన ఆధారాలిచ్చారు. ఇది ముఖ్యమైన సామర్థ్యానికి పరీక్ష అని చెప్పినప్పుడు లెక్క తిరగబడింది. స్నేహితులకే కష్టమైన ఆధారాలిచ్చారు. మనం ప్రాణం పెట్టుకున్న చోట మనవాళ్లే ముందుకెళ్తే, పరాయివాళ్లు వెళ్లినదానికంటే ఎక్కువ గుచ్చుకుంటుందన్నమాట. అందుకే స్నేహితురాలి కొత్త ఇల్లు చూసి గంతులేసే మనిషే ఆమె ఉద్యోగం మాట వినగానే పోస్టింగ్ కష్టాలు ఏకరువు పెట్టవచ్చు.

అలాంటప్పుడు లేని ఉత్సాహం అరువు తెచ్చుకుంటే గొంతు పట్టిచ్చేస్తుంది. ఎక్కువ తెలిసిన స్నేహితులకు మరీ త్వరగా. దానికంటే ఉన్నమాట క్లుప్తంగా చెప్పి, విషయం ఆమెకే అప్పగించడం మేలు: "నాకు పోయినందుకు బాధుందే, అది తర్వాత చెప్పుకుందాం. ఇవాళ నీ రోజు. ఎలా తెలిసిందో మొదటి నుంచీ చెప్పు." ఆ మాత్రం కూడా చేతకాకపోతే, "ఇప్పుడే విన్నా, చాలా మంచి వార్త, సాయంత్రం తీరిగ్గా మాట్లాడతా" అనొచ్చు. అన్నాక సాయంత్రం తప్పకుండా ఫోన్ చేయాలి. చేయకపోతే పొద్దున అన్నది తప్పించుకోవడమే అయిపోతుంది.

ఏజెన్సీ పోస్టింగ్, చంటిపిల్ల గురించిన బెంగ నిజమైనదే కావచ్చు. అది కౌన్సెలింగ్ ముందురోజు మాట్లాడుకోవాల్సిన విషయం. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. మనలో చాలామంది దిష్టి భయంతోనో, ఆర్డర్ చేతికొచ్చేదాకా ఎందుకనో శుభవార్తను నలుగురికే చెబుతారు. ఆ నలుగురిలో మనల్ని చేర్చిందంటే నమ్మకంతోనే. ఉత్సాహం పట్టలేక పాత క్లాస్‌మేట్ల వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తే, ఆమె నోటితో చెప్పుకోవాల్సిన మాట మనం చెప్పేసినట్టే. "ఎవరికైనా చెప్పొచ్చా?" అని ముందు అడగండి.

ఈసారి ఎవరైనా ఫోన్ చేసి మంచి మాట చెబితే, అభినందన తర్వాత ఒక్క ప్రశ్న వేసి ఆగండి. వాళ్లు చెప్పేదంతా చెప్పేదాకా మీ సంగతి ఎత్తకండి.