గీతలు కలిసే చోట పట్టిక

నా ముందు ఒక పాత వ్యవసాయ నివేదిక పేజీ స్కాన్ ఉంది. రెండు కాలమ్‌ల నిండా చిన్న అక్షరాలు, వాటి నడుమ నిలువుగా ఒక విభజన గీత, చట్రం గీసిన పొలం ఫొటో, గళ్ల కాగితం మీద వేసిన వర్షపాతం గ్రాఫ్, రెండు పట్టికలు. నాకు కావలసింది ఆ పట్టికలే. ఇలాంటి పేజీలు వందల్లో ఉన్నాయి కాబట్టి పట్టిక ఎక్కడుందో కంప్యూటరే వెతుక్కుని కత్తిరించాలి.

కంప్యూటర్‌కు పేజీ అంటే చుక్కల రాశి. ఎ4 కాగితాన్ని అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే అడ్డంగా 2,480, నిలువుగా 3,508 చుక్కలు వస్తాయి. ముందు ప్రతి చుక్కా సిరానా, కాగితమా అని తేల్చుకోవాలి. ఆ తర్వాత, అడ్డంగా 80 చుక్కల పాటు తెగకుండా సాగిన సిరాను మాత్రమే ఉంచి మిగతాదంతా చెరిపేయాలి. 80 చుక్కలంటే దాదాపు 7 మిల్లీమీటర్లు. మన అక్షరాలు గుండ్రనివి. మామూలు అచ్చులో ఏ తలకట్టూ, ఏ దీర్ఘమూ అంత దూరం తిన్నగా పోదు. అందుకే రాత మాయమై అడ్డగీతలే మిగులుతాయి. హిందీ పేజీ అయితే ఈ కొలత చాలదు, పదం పొడవునా సాగే పైగీత కూడా గీతల్లో చేరిపోతుంది. తెలుగు లిపి ఇక్కడ మనకు ఎంతో మేలు చేస్తోంది.

ఇదే పని నిలువుగా కూడా చేసి, అడ్డగీతలూ నిలువుగీతలూ ఒకదాన్నొకటి తాకిన చోట్లు చూడాలి. వాటిని కూడళ్లు అందాం. మొదటి పట్టికలో 8 వరుసలు, 5 గడులు. అంటే 9 అడ్డగీతలు, 6 నిలువుగీతలు, మొత్తం 54 కూడళ్లు. ఫొటో చట్రానికి నాలుగే మూలలు. కాలమ్‌ల మధ్య గీతను అడ్డంగా తాకేది ఏదీ లేదు. రెండు వరుసలు, రెండు గడులున్న బుల్లి పట్టికకైనా 9 కూడళ్లు ఉంటాయి. కనుక అంతకు తక్కువ ఉన్నవాటిని పక్కన పెట్టేయవచ్చు.

చిక్కల్లా గ్రాఫ్‌తోనే. గళ్లుంటాయి కనుక కూడళ్లూ బోలెడు. అప్పుడు గీతలన్నీ తీసేసి, లోపల మిగిలిన సిరా చూడాలి. పట్టికలోనైతే ప్రతి గడిలో విడివిడిగా చిన్న చిన్న అంకెలు ఉంటాయి. గ్రాఫ్‌లో గళ్లు చాలావరకు ఖాళీ, ఉన్న వంపు గీత ఒక గడి నుంచి ఇంకో గడికి దాటుకుంటూ పోతుంది. ఈ తేడాతో మా పేజీలో గ్రాఫ్ తప్పుకుంది.

పేజీ వంకరగా స్కాన్ అయితే మాత్రం అసలుకే మోసం. మూడు చుక్కల మందం ఉన్న గీత ఒక డిగ్రీ ఒరిగితే, ఏ ఒక్క వరుసలోనైనా సుమారు 170 చుక్కల ముక్కగా మిగులుతుంది, కొలతకు నిలుస్తుంది. రెండున్నర డిగ్రీలు ఒరిగిందా, ఆ ముక్క 70 చుక్కలకు కుదించుకుపోయి గీత మొత్తం చెరిగిపోతుంది. కంటికి బాగానే కనిపించే పట్టిక కంప్యూటర్‌కు లేనట్టే. కాబట్టి పేజీని తిన్నగా తిప్పడం మొదటి పని. పాత అచ్చులో గీతల ముక్కలు మూలల్లో సరిగ్గా కలవవు, ఐదారు చుక్కల సందు ఉండిపోతుంది. కూడళ్లు వెతికే ముందు రెండు రకాల గీతలనూ ఆ మేరకు సాగదీయాలి.

రెండో పట్టిక ఈ పద్ధతికి చిక్కలేదు. ధరల పట్టిక అది. పైనొకటి, శీర్షికల కింద ఒకటి, అడుగునొకటి, మూడే అడ్డగీతలు. నిలువుగీత లేదు కాబట్టి కూడలీ లేదు. ఒకే పొడవున్న అడ్డగీతలు ఒకదాని కింద ఒకటి ఉంటే, వాటి మధ్య పై నుంచి కింది దాకా సాగే తెల్లని సందులు లెక్కపెట్టాలి. రెండు కాలమ్‌ల వచనంలో సందు ఒకటే, ఈ పట్టికలో నాలుగున్నాయి. ఆ మూడు గీతలూ లేకపోతే చుక్కల లెక్క చాలదు, ఉదాహరణలు చూసి నేర్చుకున్న మోడల్ కావాలి. అలాంటి వాటిలో టేబుల్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి. అది నేర్చుకున్నది శాస్త్ర వ్యాసాల్లోని లక్షల పట్టికల నుంచి. మన పాత సీసపు అచ్చు పేజీల మీద దాన్ని పరీక్షించకుండా నమ్మలేం.

ఇక కత్తిరింపు. చెరిపిన నకలును కాదు, తిన్నగా తిప్పిన అసలు స్కాన్‌నే, నలువైపులా 15 చుక్కలు వదిలి కోయాలి. కోసిన ముక్క అంచు మీద సిరా తగిలిందంటే ఏదో తెగిందన్నమాట. మొదటి పట్టికకు అడుగు అంచున సరిగ్గా అదే కనిపించింది. చివరి గీత కింద అచ్చువేసిన ‘మొత్తం’ వరుసలో అక్షరాల తలకట్లు మాత్రమే ముక్కలోకి వచ్చాయి. ఒక తెల్లని పట్టీ దొరికేదాకా అంచును కిందికి జరపమని ప్రోగ్రామ్‌లో ఒక మాట చేర్చాక, ఆ వరుస అంకెలతో సహా లోపలికి వచ్చింది.