పక్క కంపెనీలో పై మెట్టు, సొంత కంపెనీలో పక్క మెట్టు

గచ్చిబౌలిలో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ మేనేజర్‌ని ఉదాహరణగా తీసుకుందాం. వయసు నలభైకి దగ్గర. ఆమె కింద తొమ్మిది మంది ఉన్నారు. పాత కస్టమర్లకు సపోర్ట్ ఇవ్వడం వాళ్ల పని. ఇప్పుడు రెండు అవకాశాలు ఒకేసారి వచ్చాయి. సొంత కంపెనీలో కొత్త ప్రోడక్ట్ టీమ్‌కు మారొచ్చు, కానీ అదే గ్రేడు, అదే జీతం. బయటి కంపెనీలో అయితే డైరెక్టర్ హోదా, 54 లక్షల ప్యాకేజీ. ఇప్పటిది 43 లక్షలు. ఇంట్లో అడిగితే జవాబు ఎలాగూ తెలిసిందే, 11 లక్షలు ఎవరు వదులుకుంటారు?

ఆ 11 లక్షల్నే ముందు విప్పి చూడాలి. ఇప్పటి 43లో ఫిక్స్‌డ్ 36, వేరియబుల్ 4, మిగతా 3 కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ. కొత్త 54లో ఫిక్స్‌డ్ 40, వేరియబుల్ 8, జాయినింగ్ బోనస్ 3, పీఎఫ్ వగైరా 3. జాయినింగ్ బోనస్ ఒక్కసారే వస్తుంది, అదీ ఏడాదిలోపు మానేస్తే చాలాచోట్ల వెనక్కి కట్టాలి. వేరియబుల్ పూర్తిగా వస్తుందని నమ్మకం లేదు, అరవై శాతం వస్తుందనుకుంటే 4.8 లక్షలు. అంటే ఏటా నిజంగా పెరిగేది 4.8 లక్షలే. పన్ను పోను నెలకు ఇరవై ఏడు వేల పైచిలుకు.

వదులుకునేదీ ఉంది. ఆమె పేరిట ఉన్న షేర్లలో 4.5 లక్షల విలువైనవి వచ్చే ఏడాదిలో చేతికి రావాలి. రాజీనామా చేస్తే అవి పోయినట్టే. చేరి నాలుగేళ్ల రెండు నెలలైంది. 90 రోజుల నోటీసు పూర్తిచేసినా ఐదేళ్లు నిండవు కాబట్టి గ్రాట్యుటీ కూడా రాదు. నెల బేసిక్‌ను 26తో భాగించి 15తో హెచ్చవేసి, సర్వీసు ఏళ్లతో గుణిస్తే గ్రాట్యుటీ. లక్షన్నర బేసిక్‌కు ఐదేళ్లకు సుమారు 4.3 లక్షలు. రెండూ కలిపి 8.8 లక్షల నష్టం. జాయినింగ్ బోనస్ తీసేసినా 5.8 మిగులుతుంది. మొదటి ఏడాది పెరిగిన జీతమంతా ఈ గుంత పూడ్చడానికే సరిపోదు. షేర్ల స్టేట్‌మెంట్ చూపించి జాయినింగ్ బోనస్ పెంచమని అడగొచ్చు. అడిగినవాళ్లకు చాలాసార్లు ఎంతో కొంత పెంచుతారు.

రెండో ఏడాది నుంచి లాభమే కదా అంటారా? నిజమే. అందుకే డబ్బు ఒక్కదాన్నే పట్టుకుని ఈ నిర్ణయం తీసుకోలేం. తేల్చాల్సిన అసలు విషయం, ఈరోజు ఆమె చేతిలో లేని ఏ అధికారం రేపు వస్తుందన్నది. రెండు వందల మంది ఉన్న కంపెనీలో డైరెక్టరంటే, పదివేల మంది ఉన్నచోట మేనేజరు చేసే పనే కావచ్చు. కాబట్టి ఇంటర్వ్యూలో నేరుగా అడగాలి. మనుషుల్ని తీసుకునేది, రేటింగులు ఇచ్చేది ఎవరు? బడ్జెట్‌పై సంతకం ఎవరిది? ఈ కుర్చీ ఎందుకు ఖాళీ అయింది, ముందున్నవాళ్లు ఎంతకాలం ఉన్నారు? తన కింద పనిచేయబోయే ఒకరిద్దరితో మాట్లాడించమని కూడా అడగాలి. ఏడాదిన్నరలో ఇద్దరు మారారని తెలిస్తే, లోపం వాళ్లది కాదు, కుర్చీదే. మాట్లాడించడానికి నసిగినా అదీ జవాబే.

పక్కకు జరగడాన్నీ ఇదే కళ్లతో చూడాలి. సపోర్ట్‌లో ఎంత బాగా చేసినా ఏం తయారుచేయాలన్నది వేరెవరో నిర్ణయిస్తారు. ప్రోడక్ట్ టీమ్‌లో ఆ నిర్ణయంలో ఆమెకు చోటుంటే, మూడేళ్ల తర్వాత రెజ్యూమెలో ఇప్పుడు రాయలేని వాక్యం ఒకటి రాసుకోవచ్చు. ఇప్పుడు చేసే పనే వేరే బిల్డింగులో చేయాలంటే మాత్రం దానికి అర్థం లేదు. పాత టీమ్‌ని మూసేస్తూ ఎక్కడో ఒకచోట సర్దుతున్నారేమో కూడా ఆరా తీయాలి.

ఇక్కడో చిక్కుంది. అప్రైజల్‌కు నాలుగు నెలల ముందు టీమ్ మారితే కొత్త బాస్‌కు ఆమె పని తెలియదు, పాత బాస్‌కు ఆమె కోసం వాదించే అవసరం ఉండదు. రేటింగ్ మధ్యలో పడిపోతుంది. కొన్ని కంపెనీల్లో కొత్త పోస్టులో ఏడాది నిండేదాకా ప్రమోషన్‌కు పేరే పంపరు. ఈ రెండూ హెచ్‌ఆర్‌ని ముందే అడిగి, జవాబు మెయిల్‌లో తెప్పించుకోవాలి. నోటిమాటగా ఇచ్చిన హామీ, ఇచ్చినాయన టీమ్ మారగానే పోతుంది.

ఈ మేనేజర్ విషయంలో నేనైతే పక్కకే మొగ్గుతాను, ప్రోడక్ట్ నిర్ణయాల్లో చోటు నిజంగా ఉంటేనే. అదే ఆమె రెండు మూడు అప్రైజళ్లుగా అన్ని అర్హతలతో ఎదురుచూస్తూ ఉండి, పై కుర్చీలో తన వయసువాడే కదలకుండా కూర్చుని ఉంటే, ఆ 5.8 లక్షల నష్టం భరించైనా బయటికి వెళ్లమంటాను. అప్పుడు ఆమె బేరమాడాల్సింది జీతం గురించి కాదు, చేరే తేదీ, షేర్ల పరిహారం, చేతికొచ్చే టీమ్ సైజు గురించి. అవి ఆఫర్ లెటర్‌లో చేరేదాకా రాజీనామా మెయిల్ పంపకూడదు.