మూడో వరుసలో ఏనుగు

చదరంగంలో బలమున్నా పని దొరకని పావు ఏనుగు. గుర్రాలూ శకటాలూ పది ఎత్తుల్లోపే పోట్లాటలోకి దిగిపోతాయి. ఏనుగు మాత్రం మూలన కూర్చుని, ముందున్న బంటు ఎప్పుడు పోతుందా అని చూస్తుంటుంది. నిలువు వరుస ఒకటి ఖాళీ అయినా, చాలామంది దాన్ని ఆ వరుస అడుగున నిలబెట్టి ఊరుకుంటారు.

దాడి చేయడం తెలిసినవాళ్లు అక్కడ ఆగరు. ఏనుగును నిట్టనిలువుగా మూడో వరుసదాకా లేపి, అక్కడి నుంచి అడ్డంగా ఎదుటి రాజు వైపు జరుపుతారు. దీన్ని రూక్ లిఫ్ట్ అంటారు. తెల్ల ఏనుగు ఇ1 గడి నుంచి ఇ3కి, ఇ3 నుంచి జి3కి వెళ్లిందంటే, రెండు ఎత్తుల్లో రాజు ఎదుట నిలబడినట్టే. మన బంట్లు రెండో వరుసలో ఉన్నచోటే ఉంటాయి, ఏనుగు వాటి ముందునుంచి వెళ్లిపోతుంది. అదే బంట్లను నెట్టి దారి చేయాలంటే నాలుగైదు ఎత్తులు పడతాయి, పైగా మన రాజు ముందున్న గోడ మనమే కూల్చుకోవాలి.

ఈ ఎత్తుగడ అర్థం కావాలంటే నేను ఎవరికైనా ఒక్క ఆటే చూపిస్తాను. 1857 నవంబరులో న్యూయార్క్‌లో జరిగిన మొదటి అమెరికన్ చెస్ కాంగ్రెస్, ఫైనల్లో ఆరో ఆట. తెల్ల పావులు జర్మనీ నుంచి వచ్చిన లూయీ పాల్సెన్‌వి, నల్లవి న్యూ ఆర్లీన్స్ కుర్రాడు పాల్ మార్ఫీవి. మార్ఫీకి అప్పుడు ఇరవయ్యేళ్లు. నల్ల పావులతో ఆడేవాడికి తన వైపు నుంచి లెక్కపెడితే మూడో వరుస అంటే బోర్డు మీద ఆరో వరుస. ఇది గుర్తుంచుకుంటే మిగతాదంతా సులువు.

ఆట మొదట్లోనే ఇద్దరూ గుర్రాలన్నీ మార్చుకున్నారు. మార్ఫీ రెండో గుర్రం ఎఫ్6 నుంచి ఇ4కి వెళ్లి అక్కడే పోయింది. దాన్ని చంపిన గుర్రాన్ని మార్ఫీ ఏనుగు చంపి, ఇ4లో నిలబడింది. ఎఫ్6లో గుర్రం ఉన్నంతకాలం ఆరో వరుసలో దారి లేదు. అది పోయాక ఇ6 నుంచి హెచ్6 దాకా వీధి ఖాళీ. మూడో వరుస దాడి కుదరకపోవడానికి మామూలుగా కారణం సొంత గుర్రమో సొంత బంటో ఆ వరుసలో అడ్డం ఉండటమే.

పదకొండో ఎత్తులో పాల్సెన్ శకటాన్ని ఎఫ్3కి తెచ్చి ఆ ఏనుగు మీద గురిపెట్టాడు. మార్ఫీ దాన్ని ఇ8కి వెనక్కి తీసుకోవచ్చు. తీసుకోలేదు, ఇ6లో ఆపాడు. అక్కడి నుంచి అది ఎడమకు చూస్తే సి6 బంటుకు కాపలా, కుడికి చూస్తే తెల్ల రాజు వైపు దారి. చూడ్డానికి వెనకడుగే, కానీ ఏనుగు లేచింది ఆ ఎత్తుతోనే.

మరుసటి ఎత్తులో మార్ఫీ మంత్రిని డి3కి, అంటే తెల్ల బంటుకు సరిగ్గా ఎదురుగా పెట్టాడు. డి2లో ఉన్న ఆ బంటు ఇక కదలదు. దాని వెనకున్న సి1 శకటం బయటికి రాలేదు. రాజు మీద దాడికి వచ్చిన ఏనుగును ఎదుర్కోవడానికి అవతలివాడి దగ్గర ఎన్ని పావులు ఖాళీగా ఉన్నాయి అన్నదే అసలు లెక్క. ఇక్కడ సగం సైన్యం ఇంట్లోనే ఉండిపోయింది.

తర్వాత రెండో ఏనుగు ఇ8కి వచ్చింది. దీని విలువ చాలామంది గమనించరు. లేచిన ఏనుగు పక్కకు జరిగితే అది కాపాడుతున్న నిలువు వరుస ఖాళీ అయిపోతుంది, ఎదుటివాడు అందులోకి దూరతాడు. మార్ఫీ ఆ ఖాళీని ముందే పూడ్చాడు.

పదిహేడో ఎత్తులో పాల్సెన్ మంత్రి ఎ6కి వచ్చి నల్ల మంత్రిని మార్చుకుందామంది. మార్ఫీ తన మంత్రితో ఎఫ్3 శకటాన్ని చంపాడు. జి2 బంటు ఆ మంత్రిని చంపింది. శకటం తీసుకుని మంత్రిని ఇచ్చేశాడన్నమాట. కానీ ఆ బంటు పక్కకు తప్పుకోగానే తెల్ల రాజు ముందు జి నిలువు తెరుచుకుంది. ఇ6 ఏనుగు ఆరో వరుస వెంట జి6కి జరిగి చెక్ చెప్పింది. రాజుకు మూల గడి హెచ్1 తప్ప దిక్కు లేదు.

ఈ ఎత్తులో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇంకొకటుంది. డి7లో ఉన్న నల్ల శకటం హెచ్3కి పోవాలంటే ఇ6 మీదుగానే పోవాలి. ఇంతసేపూ ఆ దారికి అడ్డం ఉన్నది సొంత ఏనుగే. అది జి6కి జరగడంతో చెక్ పడింది, శకటానికి దారీ దొరికింది. వెంటనే శకటం హెచ్3కి దూకి, రెండు ఎత్తుల్లో ఆటకట్టు అని బెదిరించింది.

ఆ తర్వాత శకటం జి2, ఎఫ్3 గడుల మధ్య తిరుగుతూ చెక్ మీద చెక్ చెప్పింది. శకటం తప్పుకున్నప్పుడల్లా వెనకనున్న ఏనుగు చెక్ చెబుతుంది. ఇరవై రెండో ఎత్తులో ఏనుగును జి2లో దించి ఉంటే ఇంకా త్వరగా కట్టు పడేది, మార్ఫీ అది చూడలేదు. అయినా పాల్సెన్ మంత్రిని తిరిగి ఇచ్చుకోక తప్పలేదు. ఇ8లో కాపలా ఉన్న రెండో ఏనుగు ఇ2కి దిగింది, జి6 ఏనుగు హెచ్6కి జరిగి హెచ్2 బంటు మీద గురిపెట్టింది.

ఇదంతా చూసి ఏనుగును ఎప్పుడంటే అప్పుడు లేపేయకండి. మూడో వరుసలో ఏనుగు చిన్న పావులకు తేలికగా దొరుకుతుంది. మీ తెల్ల ఏనుగు జి3లో ఉందనుకుందాం. డి6లోని నల్ల శకటానికి ఏటవాలు దారి ఖాళీగా ఉంటే అది నేరుగా తగులుతుంది, హెచ్5కి వచ్చిన గుర్రమూ తగులుతుంది. వెనక జి2లో మీ బంటే ఉంటుంది కాబట్టి ఏనుగు నేరుగా వెనక్కి రాలేదు, ఎక్కువగా ఆ మూడో వరుస వెంటే పారిపోవాలి. అది తిరిగొచ్చేలోపు రెండు మూడు ఎత్తులు పోతాయి, మధ్యలో నిలువు వరుస ఎదుటివాడిదవుతుంది. లేపేముందు ఏనుగు నిలబడబోయే గడిని ఏ శకటం, ఏ గుర్రం ఒక్క ఎత్తులో అందుకోగలవో చూడాలి. మార్ఫీ ఆటలో తెల్ల గుర్రాలు లేవు, ఒక శకటం చచ్చింది, రెండోది బంటు వెనక ఇరుక్కుంది. అందుకే జి6 ఏనుగును అన్నేసి ఎత్తుల పాటు ఎవరూ తాకలేకపోయారు.

ఇరవై ఎనిమిదో ఎత్తులో డి2 బంటు ఎట్టకేలకు కదిలింది. దానితో సి1 శకటానికి దారి దొరికి, హెచ్6 ఏనుగు మీద గురి కుదిరింది. మార్ఫీ తన శకటాన్ని ఇ3లో పెట్టి ఆ దారి మూసేశాడు. దాన్ని చంపితే హెచ్6 ఏనుగు హెచ్2 బంటును చంపి చెక్ చెబుతుంది, రాజు జి1కి జరగ్గానే ఇ2 ఏనుగు జి2కి వచ్చి ఆట కట్టేస్తుంది. పాల్సెన్ ఓటమి ఒప్పుకున్నాడు.

ఇంట్లో బోర్డుంటే పదిహేడో ఎత్తు దగ్గరి స్థితిని పేర్చి చూడండి. ఇ6లోని నల్ల ఏనుగును మాత్రం తీసి ఎఫ్8లో పెట్టండి. అప్పుడు మార్ఫీ మంత్రి ఎఫ్3లో ఊరికే చచ్చిపోతుంది, జి6లో చెక్ చెప్పేవాళ్లే ఉండరు.