నీడ దక్షిణానికి పడే రోజులు

జూన్ 21న మిట్టమధ్యాహ్నం హైదరాబాద్‌లో మీటరు కర్రను నిటారుగా నిలబెడితే నీడ దక్షిణం వైపు పడుతుంది. పొడవు పది సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. డిసెంబర్ 21న అదే కర్ర నీడ ఉత్తరం వైపు 86 సెంటీమీటర్ల దాకా సాగుతుంది.

సూర్యుడికి దగ్గరైతే ఎండాకాలం, దూరమైతే చలికాలం అని చాలామంది అనుకుంటారు. కానీ భూమి సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో, మనం దుప్పట్లు కప్పుకునే రోజుల్లోనే. అప్పటి దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు, జూలై మొదట్లో 15.2 కోట్లు. పైగా దూరమే కారణమైతే ఆస్ట్రేలియాకూ మనకూ వేసవి ఒకేసారి రావాలి కదా!

అసలు సంగతి వాలులో ఉంది. భూమి అక్షం తన కక్ష్య తలానికి నిట్టనిలువుగా ఉండదు, 23.4 డిగ్రీలు వాలి ఉంటుంది. ఏడాది పొడవునా ఆ వాలు ఒకే దిక్కుకు, దాదాపు ధ్రువనక్షత్రం వైపే. అందువల్ల కక్ష్యలో ఒక పక్క ఉన్నప్పుడు ఉత్తరార్ధగోళం సూర్యుడి వైపు ఒరిగి ఉంటుంది. ఆరు నెలలకు అవతలి పక్కకు చేరేసరికి అదే వాలు సూర్యుడికి ఎడమొహం అవుతుంది.

సూర్యుడి వైపు ఒరిగిన అర్ధగోళంలోని ఊరు, భూమి ఒక చుట్టు తిరిగేలోపు వెలుగులో ఎక్కువసేపు ఉంటుంది. భూమధ్యరేఖకు ఎంత దూరమైతే ఆ తేడా అంత ఎక్కువ. హైదరాబాద్‌లో అతి పెద్ద పగలు 13 గంటల పది నిమిషాలు, అతి చిన్నది 11 గంటల ఐదు నిమిషాలు, అటూ ఇటుగా. లండన్‌లోనైతే జూన్‌లో రాత్రి తొమ్మిది దాటాక గాని పొద్దు గుంకదు. డిసెంబర్‌లో అక్కడి పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు.

మన దగ్గర పగటి పొడవు కన్నా కిరణాల ఏటవాలుతనానిదే పెద్ద పాత్ర. డిసెంబర్‌లో హైదరాబాద్ మధ్యాహ్నపు సూర్యుడు 49 డిగ్రీల ఎత్తు దాటడు. నిటారుగా పడితే ఒక చదరపు మీటరు నేలకు దక్కే ఎండ, అప్పుడు 1.3 చదరపు మీటర్లకు పరుచుకుని పలచబడుతుంది.

మరి పగలు అన్నిటికన్నా పెద్దదైన జూన్‌లో కాకుండా మేలో రోళ్ళు పగిలే ఎండలేమిటి? సూర్యుడు ఉత్తరానికి వెళ్తూ తిరుపతి నడినెత్తికి ఏప్రిల్ ఆఖరు వారంలో, హైదరాబాద్‌కు మే 9 ప్రాంతంలో వస్తాడు. ఆ రోజు 12 గంటల 12 నిమిషాల ప్రాంతంలో నిలువు కర్రకు నీడే ఉండదు. ఆకాశంలో మబ్బుండదు, నేలలో తడి ఉండదు, వచ్చిన వేడంతా నేలను కాల్చడానికే. జూన్‌లో నైరుతి మబ్బులు అడ్డుపడతాయి.

ఆగస్టు 3 ప్రాంతంలో, తిరుగు ప్రయాణంలో, సూర్యుడు మళ్ళీ మన నడినెత్తికి వస్తాడు. కిరణాలు మేలో పడినంత నిటారుగానే పడతాయి. అయినా మే నాటి మంట ఉండదు, వానాకాలం కనుక. నీడ మాయమవడం చూడాలనుకునేవారు మే నెలనే నమ్ముకోవడం మేలు. ఆగస్టులో ఆ కాసేపూ ఎండ కాస్తుందన్న భరోసా లేదు.