ఇయాగో ముందుగా మనకే ఎందుకు చెబుతాడు?

ఇంగ్లీషు సాహిత్యం చదివే డిగ్రీ, ఎమ్మే విద్యార్థులకు షేక్‌స్పియర్ ‘ఒథెల్లో’ ఎక్కడో ఒకచోట తగులుతుంది. దాని మీద అడిగే ప్రశ్నలూ పాతవే. నాటకంలో డ్రమాటిక్ ఐరనీని చర్చించమంటారు, లేదా సాలిలాక్వీల ప్రాధాన్యం వివరించమంటారు. మొదటి ప్రశ్నకు చాలామంది నిర్వచనం రాసి కథంతా చెప్పేస్తారు. రెండోదానికి ఇయాగో ఎంత దుర్మార్గుడో రాసి ఊరుకుంటారు. ఈ రెండింటినీ వేర్వేరు పాఠాలుగా చదవడం వల్లే ఈ చిక్కు. ఈ నాటకంలో వాటిది కారణానికీ ఫలితానికీ ఉండే సంబంధం.

వేదిక మీద పాత్ర ఒంటరిగా ఉండి, లేదా తన మాట ఇంకెవరికీ వినపడదన్న నమ్మకంతో, మనసులోది పైకి చెప్పుకుంటే అది సాలిలాక్వీ. మన నాటకాల్లో స్వగతం అంటాం. ప్రేక్షకుడికి తెలిసిన ఒక నిజం వేదిక మీది పాత్రకు తెలియక, ఆ తెలియనితనంతోనే అది మాట్లాడితే, నడుచుకుంటే అది డ్రమాటిక్ ఐరనీ. మరి ప్రేక్షకుడికి ఆ నిజం ముందుగా ఎలా తెలిసింది? ‘ఒథెల్లో’లో ఎక్కువసార్లు ఇయాగో స్వగతాల ద్వారానే తెలుస్తుంది.

మొదటి అంకం మూడో రంగం చివర చూడండి. ఇయాగోకు ఒథెల్లో మీద పగ ఉందన్న సంగతి మనకు మొదటి రంగంలోనే తెలుసు. రోడరిగోతో అతనే చెప్పాడు. కాబట్టి అక్కడికి మనకు తెలిసింది రోడరిగోకూ తెలుసు. మూడో రంగంలో రోడరిగో వెళ్లిపోయాక ఇయాగో ఒక్కడే మిగులుతాడు. ఈ మూర్ఖుణ్ణి నా డబ్బుసంచీగా వాడుకుంటున్నాను అంటాడు. తన భార్య ఎమిలియాతో ఒథెల్లోకు సంబంధం ఉందని పుకారు ఉందనీ, అది నిజమో కాదో తెలియదనీ, అయినా నిజమే అనుకుని నడుచుకుంటాననీ చెబుతాడు. కాసియోకూ డెస్డిమోనాకూ చనువు ఎక్కువైందని ఒథెల్లో చెవిలో వేయాలన్న పథకం కూడా అక్కడే పుడుతుంది. పైకి మంచిగా కనిపించేవాళ్లను మంచివాళ్లే అనుకునే స్వభావం ఒథెల్లోది, కాబట్టి పని సులువని లెక్క వేసుకుంటాడు.

ఈ స్వగతం ముగిసేసరికి రోడరిగో కూడా వెనకబడిపోయాడు. మొత్తం పథకం తెలిసినవాళ్లు ఇద్దరే: ఇయాగో, మనం. ఇక ఒథెల్లో అతణ్ణి నిజాయితీపరుడు అన్న ప్రతిసారీ ఆ మాట మనకు వేరుగా వినిపిస్తుంది. నిజాయితీ అనే మాట, దాని రూపాలు కలిపి, ఈ నాటకంలో యాభైసార్ల దాకా వస్తాయి. పదే పదే వచ్చే ఆ మాటకు పదును పెట్టింది ఆ స్వగతమే.

ఇప్పుడు మూడో అంకం నాలుగో రంగానికి రండి. ఒథెల్లో భార్యను చేతిరుమాలు అడుగుతాడు. అంతకుముందు రంగంలో అది కింద పడితే ఎమిలియా తీసి ఇయాగోకు ఇచ్చింది. దాన్ని కాసియో గదిలో పడేస్తానని ఇయాగో ఒంటరిగా ఉన్నప్పుడు మనకు చెప్పాడు. ఆ రుమాలుకు మహిమ ఉందనీ, దాన్ని తన తల్లికి ఒక ఈజిప్టు స్త్రీ ఇచ్చిందనీ ఒథెల్లో చెబుతుంటే డెస్డిమోనా భయపడి, పోలేదని బొంకుతుంది. ఆపైన మాట మార్చడానికి కాసియో ఉద్యోగం సంగతి ఎత్తుతుంది. అతడు రుమాలు అంటాడు, ఆమె కాసియో అంటుంది. ఆ రెండు మాటలూ పక్కపక్కన వినపడటమే ఒథెల్లోకు రుజువైపోతుంది. తనను కాపాడుకుందామని ఆమె అనే ప్రతి మాటా ఆమె మీదికే తిరుగుతోంది.

ఈ సన్నివేశం చదివేటప్పుడు ఎవరికి ఎంత తెలుసో కాగితం మీద రాసుకోండి. డెస్డిమోనాకు ఏమీ తెలియదు. ఒథెల్లోకు తెలిసింది అబద్ధం. అక్కడే నిలబడ్డ ఎమిలియాకు సగం తెలుసు, అయినా నోరు విప్పదు. వేదిక మీద లేని ఇయాగోకు అంతా తెలుసు, మనకూ తెలుసు. ఇలా రాసుకుంటే జవాబు కథనంలోకి జారిపోదు. “డెస్డిమోనాకు నిజం తెలియకపోవడం డ్రమాటిక్ ఐరనీ” అని రాస్తే అది సగం జవాబే. “రుమాలు ఎక్కడికి చేరబోతోందో ఇయాగో మాటల వల్ల మనకు ముందే తెలుసు. కనుక డెస్డిమోనా కాసియో పేరెత్తగానే మనం బెదిరిపోతాం. ఆమె మంచితనమే ఆమెకు ఉచ్చు అవుతుంది” అని రాస్తే కారణం, సన్నివేశం, ప్రేక్షకుడి మీద పడిన ప్రభావం మూడూ వచ్చేస్తాయి.

ఒథెల్లో స్వగతాల పని వేరు. మూడో అంకం మూడో రంగంలో ఒంటరిగా మిగిలినప్పుడు అతడు మొదట మెచ్చుకునేది ఇయాగో నిజాయితీనే. ఆ వెంటనే తన నల్లని రంగు, దర్బారు మాటలు రాకపోవడం, పైబడుతున్న వయసు ఒక్కొక్కటే తలుచుకుని, భార్య చేజారిందని తేల్చుకుంటాడు. విషం లోపలికి దిగిందని మనకు తెలిసేది అక్కడే. చివరి అంకంలో నిద్రపోతున్న భార్య దగ్గరికి దీపంతో వచ్చినప్పుడు న్యాయమూర్తిలా మాట్లాడతాడు. అతని మాటల్లో కపటం లేదు, కానీ నేరమే జరగలేదని మనకు తెలుసు. ఇక్కడ స్వగతం కొత్త సమాచారమేమీ ఇవ్వదు. తప్పుడు నమ్మకం ఎంత నిజాయితీగా మాట్లాడగలదో చూపిస్తుంది. డెస్డిమోనా అయితే వేదిక మీద ఒంటరిగా మాట్లాడేది నాలుగో అంకంలో రెండు మూడు పంక్తులే. దుర్మార్గుడి మనసు మనకు లోపలి నుంచి తెలుస్తుంది, నిర్దోషి మనసు బయటి నుంచే తెలుస్తుంది. ఈ తేడా గురించి రెండు వాక్యాలు రాసినా జవాబు బరువు పెరుగుతుంది.

పొరపాట్లు జరిగే చోట్లు మూడు. పొడుగ్గా ఉన్న ప్రతి ప్రసంగమూ సాలిలాక్వీ అవదు. మొదటి అంకంలో తన ప్రేమకథను సెనేట్ ముందు ఒథెల్లో చెప్పేది పదిమంది వింటుండగా చేసిన ప్రసంగం. రెండోది, ఐరనీ రకాలు కలిపేయడం. మనుషులు పైకి కనిపించినట్టే ఉండాలని ఇయాగో అన్నప్పుడు, అతడు తెలిసే అంటున్నాడు కనుక అతని నోట అది వ్యంగ్యం. అవునని తలూపే ఒథెల్లోకు అది తెలియదు కనుక, డ్రమాటిక్ ఐరనీ ఉన్నది ఒథెల్లో వైపున. మూడోది, స్వగతంలో చెప్పినదంతా నిజమనుకోవడం. ఇయాగో ఒకచోట పదవి పోయిందంటాడు, ఒకచోట ఎమిలియా మీద అనుమానమంటాడు, మరోచోట కాసియోను కూడా అనుమానిస్తాడు. అతడు కారణాలు వెతుక్కుంటున్నాడని కోల్‌రిడ్జ్ ఏనాడో గమనించాడు. పథకం విషయంలో అతణ్ణి నమ్మవచ్చు, కారణాల విషయంలో నమ్మనక్కర్లేదు.

చివరి రంగంలో రుమాలు సంగతి ఎమిలియా బయటపెట్టగానే మనకు తెలిసిందంతా ఒథెల్లోకూ తెలిసిపోతుంది. ఐరనీకి ఇక చోటు లేదు. ఎందుకు చేశావని అడిగితే ఇయాగో ఇకపై నోరు విప్పనంటాడు. అన్నీ మనతో చెప్పుకున్నవాడు అసలు కారణం మనకూ చెప్పలేదని అప్పుడు తెలుస్తుంది.

పరీక్షకు ముందు కథ మళ్లీ చదవకండి. ఇయాగో ఒంటరిగా ఉన్న చోట్లు గుర్తుపెట్టుకుని, ఒక్కోదాని తర్వాత ఎవరి ఏ మాటకు అర్థం మారిందో పక్కన రాసుకోండి. ఆ పట్టికలో నాలుగు వరుసలు చాలు, రెండు ప్రశ్నలకూ జవాబు చేతిలో ఉన్నట్టే.